"తప్పయిపోయింది సార్" అని రాయకముందు: ఆదోని మిల్లు కాటా గుమాస్తా కేసు

కార్మిక సంఘం తరఫున డొమెస్టిక్ ఎంక్వయిరీల్లో, అంటే కంపెనీ తనే జరిపే విచారణల్లో, కార్మికుడి పక్కన కూర్చోవడం చాలా ఏళ్లుగా నా పని. విచారణలో ఓడిపోయిన కేసుల ఫైళ్లు మళ్లీ తిరగేస్తే, చాలావాటిలో ఓటమి విచారణ గదిలో మొదలైనట్టు కనపడదు. అంతకు నెల ముందు, షోకాజ్ నోటీసుకు కార్మికుడు ఒంటరిగా కూర్చుని రాసిన సంజాయిషీలోనే మొదలై ఉంటుంది. ఇక్కడ చెప్పేది ఆ మొదటి కాగితాన్ని సమయానికి పట్టుకోగలిగిన ఒక కేసు. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటుంది, అదీ చెబుతాను.

ఆదోని దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లు. పేరు అవసరం లేదు. నాలుగు వందల మంది దాకా పనిచేస్తారు. అతను కాటా గుమాస్తా, అంటే వేబ్రిడ్జి ఆపరేటర్. పదకొండేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా లేదు. మిల్లులో మిగిలే వేస్ట్ దూదిని బయటి పార్టీ కొంటుంది. ఖాళీ లారీని ముందు కాటా ఎక్కిస్తారు, అది టేర్. లోడు చేశాక మళ్లీ ఎక్కిస్తారు, అది గ్రాస్. గ్రాస్‌లోంచి టేర్ తీసేస్తే వచ్చే నికర బరువుకు పార్టీ డబ్బు కడుతుంది. కాబట్టి టేర్ ఎక్కువ చూపిస్తే సరుకు తక్కువ కనిపిస్తుంది, ఆ మేరకు మిల్లుకు నష్టం.

2023 మే 11, గురువారం ఉదయం షిఫ్టులో ఒక లారీ టేర్ 4,460 కిలోలు వచ్చింది. అదే లారీ మే 8న వచ్చినప్పుడు టేర్ 4,020. సాయంత్రం అకౌంట్స్‌లో ఈ 440 కిలోల తేడా బయటపడింది. కిలో 50 రూపాయల లెక్కన 22,000 రూపాయలు. ఆ రాత్రి ఎనిమిదింటికి సెక్యూరిటీ ఆఫీసర్ ఇతన్ని గదిలో కూర్చోబెట్టి నాలుగు లైన్లు రాయించుకున్నాడు: "నా అజాగ్రత్త వల్ల జరిగింది. ఇకపై ఇలా జరగకుండా చూసుకుంటాను. క్షమించగలరు." శనివారం, అంటే 13వ తేదీ సాయంత్రం ఐదింటికి సస్పెన్షన్ ఉత్తర్వు, దాంతోపాటు షోకాజ్ నోటీసు చేతికిచ్చారు. జవాబుకు 48 గంటలు. ఆరోపణలు రెండు: ఒకటి, వేస్ట్ కొనే పార్టీతో కుమ్మక్కై టేర్ పెంచి చూపడం. రెండు, విధుల్లో నిర్లక్ష్యం.

ఆదివారం పొద్దున అతను వాళ్ల మామను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. జవాబు అప్పటికే రాసుకొచ్చాడు. మడతపెట్టిన తెల్ల కాగితం, రెండు పేజీలు. అందులోని ఒక భాగం యథాతథంగా: "లారీ మీద హమాలీలు కూర్చుని ఉన్న సంగతి చూసుకోలేదు సార్. తప్పు నాదే. పిల్లలు గలవాణ్ని, ఈ ఒక్కసారికి క్షమించండి."

"హమాలీలు లారీ మీద ఉన్నారని నువ్వు చూశావా?" అని అడిగాను.

"లేదు సార్. నిన్న టీ కొట్టు దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నా. ఏడుగురు ఎక్కుంటే అంత తేడా రావచ్చని."

లెక్క ప్రకారం అది సాధ్యమే. మనిషికి అరవై కిలోలు వేసుకుంటే ఏడుగురికి 420, దానికి తోడు తాడు, పట్టా. టేర్ అప్పుడు బండి మీద కూర్చుని, లోడింగ్‌కు దిగి, గ్రాస్ అప్పుడు ఎక్కకపోతే సరిగ్గా ఇంత తేడానే పడుతుంది. కానీ అతను చూడలేదు, విన్నాడు. విన్నదాన్ని చూసినట్టు రాసి, పైన "తప్పు నాదే" అని కలిపితే, మేనేజ్‌మెంట్ నిరూపించాల్సిన విషయాన్ని అతనే నిరూపించి ఇచ్చినట్టవుతుంది.

వాళ్ల మామ ఒప్పుకోలేదు. "పెద్దవాళ్లప్పా, కాళ్లు పట్టుకున్నట్టు రాస్తే కరుగుతారు" అన్నాడు. ఆయన మాటను తీసిపారేయలేం. మన వైపు "తప్పయిపోయింది సార్" అనేది నేరం ఒప్పుకోవడం కాదు, మర్యాద. మాట పెరగకుండా పెద్దమనిషి ముందు తగ్గడం. ఎదురుగా నిలబడి నోటితో అన్నప్పుడు విన్నవాడికీ అది అలాగే అర్థమవుతుంది. కాగితం మీద పడ్డాక ఆ మర్యాద కనపడదు. హెచ్‌ఆర్‌లో దాన్ని ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేసి ఫైల్లో పెడతారు. అక్కడ "తప్పు నాదే" అనే మాటకు నేరాంగీకారం అన్న అర్థం ఒక్కటే మిగులుతుంది. ఎంక్వయిరీ ఆఫీసర్ చదివేది దాన్నే, రేపు లేబర్ కోర్టు చదివేదీ దాన్నే.

ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పులు రెండు నేను ఎప్పుడూ పక్కపక్కనే పెట్టి చూస్తాను. చెన్నబసప్ప కేసులో (1971) ఉద్యోగి జరిగిన సంగతులను స్పష్టంగా ఒప్పుకున్నాడు కాబట్టి అది నేరం ఒప్పుకున్నట్టేనని కోర్టు చెప్పింది. అంతకు పదేళ్ల ముందు, జగదీశ్ ప్రసాద్ సక్సేనా కేసులో (1961), ఒప్పుకోలు సందేహానికి తావు లేనంత స్పష్టంగా లేకపోతే దాన్ని పట్టుకుని విచారణను దాటవేయడానికి వీల్లేదంది. అంటే మన జవాబులోని ఒక్కో వాక్యం ఈ రెండు తీర్పుల్లో దేని కిందికి వస్తుందన్న దాని మీదే మిగతా కథంతా ఆధారపడుతుంది.

మామ ఇంకో దారి కూడా చూపించాడు. ఆ రాత్రి కాగితం కొట్టి రాయించుకున్నారని రాద్దామన్నాడు. కొట్టలేదు. అతన్ని మళ్లీ మళ్లీ అడిగాను, కొట్టలేదన్నాడు. అయితే రాయకూడదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క అబద్ధం తేలితే మిగతా నిజాలు కూడా అబద్ధాల లెక్కలోకి పోతాయి. నిజంగా బెదిరించి రాయించుకుని ఉంటే మాత్రం మొదటి జవాబులోనే చెప్పాలి. రెండు నెలల తర్వాత విచారణలో మొదటిసారి చెబితే, అప్పుడు తోచిన ఆలోచనే అంటారు.

ఆదివారం మధ్యాహ్నం నోటీసు ముందు పెట్టుకుని పెన్సిల్‌తో కూర్చున్నాం. ఒక్కో వాక్యం చదవడం, దాని పక్కన గుర్తు పెట్టడం. మొదటి రకం, రికార్డులో ఉన్న కాదనలేని సంగతి: ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు, స్లిప్పు మీద సంతకం అతనిదే. రెండోది, అతనికి తెలియని సంగతి: మే 8న కాటా వేసింది వేరే మనిషి. మూడోది, నిజం కాని ఆరోపణ. "నోటీసులోని ఆరోపణలన్నీ అబద్ధం" అని ఒకే దెబ్బకు కొట్టేసే జవాబులు చాలా చూశాను. అందులో సంతకం కూడా అబద్ధమైపోతుంది. సంతకం తనదేనని విచారణలో ఒప్పుకోక తప్పదు, ఆ క్షణాన నమ్మకం పోతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకుంటేనే లేనిదాన్ని కాదన్నప్పుడు ఆ మాటకు బరువుంటుంది.

సోమవారం, మే 15న, ముందు జవాబు ఇవ్వలేదు. ఒక పేజీ అర్జీ ఇచ్చాం. మే 8, 11 తేదీల కాటా స్లిప్పులు, ఆ రెండు రోజుల కాటా కంప్యూటర్ లాగ్, గేటు రిజిస్టర్, కాటా దగ్గర ఎవరి బాధ్యత ఏమిటో చెప్పే డ్యూటీ ఆర్డర్, ఆ ఉదయం సీసీటీవీ రికార్డింగ్, రాత్రి రాయించుకున్న కాగితం నకలు, తూనికలు కొలతల శాఖ కాటాకు వేసిన ముద్ర తాలూకు సర్టిఫికెట్ అడిగాం. వేబ్రిడ్జికి ఏడాదికోసారి ముద్ర వేయించాలి. ఆ గడువు దాటిందేమో చూడాలి కదా. ఇవి ఇచ్చాక వారం గడువు కావాలని కోరాం. హెచ్‌ఆర్‌లో అర్జీ తీసుకుని, ముట్టినట్టు సంతకం చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, మెయిల్ కూడా పెట్టాం. సంతకం చేయకపోతే అక్కడ గొడవపడాల్సిన పనిలేదు, పోస్టాఫీసు రశీదు చాలు.

మూడు రోజులు పొడిగించి, మే 11 స్లిప్పు నకలు ఒక్కటి ఇచ్చారు. మిగతావి విచారణలో చూసుకోండన్నారు. ఇక్కడే చాలామంది పంతానికి పోయి, "కాగితాలిచ్చేదాకా జవాబివ్వను" అంటారు. గడువు దాటితే జవాబు లేదని రాసుకుని ముందుకు వెళ్లిపోతారు. కాబట్టి మే 18న జవాబు ఇచ్చేశాం. ఏ కాగితాలు అడిగామో, ఏవి ఇవ్వలేదో మొదటి పేరాలోనే రాసి, అవి చూశాక అదనంగా చెప్పుకునే హక్కు ఉంచుకుంటున్నానని ఒక్క వాక్యం చేర్చాం. ఆ వాక్యాన్ని ప్రతి పేరాలో మంత్రంలా రాయనక్కర్లేదు. ఒక్కసారి చాలు, కానీ దాని వెనక అడిగిన కాగితాల పట్టిక ఉండాలి.

జవాబులోని ముఖ్యమైన మాటలు ఇవి:

"నోటీసులో చెప్పిన తేదీన ఉదయం షిఫ్టులో నేను కాటా దగ్గర డ్యూటీలో ఉన్న మాట నిజం. నాకిచ్చిన స్లిప్పు మీద సంతకం నాది. 4,460 కిలోలనేది ఆ సమయానికి కాటా చూపిన అంకె. దాన్ని నేను చేత్తో ఎక్కించలేదు, మార్చలేదు. మే 8 నాటి తూకం నేను వేయలేదు. ఆ రోజు లారీ ఏ స్థితిలో కాటా ఎక్కిందో నాకు తెలియదు.

"వేస్ట్ కొనే పార్టీతో కుమ్మక్కయ్యానన్న ఆరోపణ నిజం కాదు. ఎవరితో, ఎప్పుడు, ఏం మాట్లాడుకున్నానో నోటీసులో లేదు. ఆ వివరాలిస్తే వాటికి విడిగా జవాబిస్తాను.

"కాటా ఎక్కే ముందు బండి మీద మనుషులు, సామాన్లు లేకుండా చూడాల్సిన బాధ్యత ఎవరిదన్నది డ్యూటీ ఆర్డర్, గేటు రిజిస్టర్ చూస్తే తేలుతుంది. ఆ రెండూ ఇప్పించగలరు."

ఈ చివరి పేరా రాయడానికే ఎక్కువ సేపు పట్టింది. హమాలీల సంగతి పూర్తిగా వదిలేస్తే, విచారణలో చెప్పినప్పుడు "ఇది మొదట ఎందుకు చెప్పలేదు" అంటారు. జరిగినట్టే చెబితే, చూడనిదాన్ని చూసినట్టు చెప్పడమవుతుంది, పైగా చూసి కూడా ఊరుకున్నాడనే అర్థం వస్తుంది. అందుకే కథ చెప్పకుండా, ఆ కథ ఏ రికార్డులో దొరుకుతుందో ఆ రికార్డును అడిగాం. రేపు ఆ దారిన వెళ్లడానికి జవాబులోనే ఒక తలుపు తీసి పెట్టినట్టయింది.

గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డును మాత్రం ఎక్కడా వేలెత్తి చూపలేదు. "గార్డు చూసుకోవాల్సింది, వాడే వదిలాడు" అని రాయాలని అతనికి ఉండింది. తొందరపడి తోటివాణ్ని ఇరికిస్తే అతను వెంటనే మనకు ఎదురు సాక్షి అవుతాడు. బాధ్యత ఎవరిదో కాగితం చెప్పాలి, మన నోటితో కాదు.

రాత్రి రాసిన కాగితం గురించి మూడు వాక్యాలు రాశాం. డ్యూటీ దిగాక రాత్రి ఎనిమిదింటికి సెక్యూరిటీ గదిలో, మే 8 స్లిప్పు చూపకుండానే, సెక్యూరిటీ ఆఫీసర్ చెప్పిన మాటలు రాశాను. అందులో టేర్ గురించి గానీ, ఏ పార్టీ గురించి గానీ లేదు. ఆ మాటలను ఈ ఆరోపణలకు ఒప్పుకోలుగా తీసుకోవద్దు. అంతే. కొట్టడం, తిట్టడం ఏమీ లేవు.

రెండో ఆరోపణను విడిగా చూడాలి. స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే కంపెనీ ఉద్యోగ నియమాల్లో, మోసం, నిజాయతీ లేకపోవడం ఒక్కసారి జరిగినా దుష్ప్రవర్తనే. నిర్లక్ష్యం మాత్రం "అలవాటుగా" జరిగితేనే. ఈ మిల్లు స్టాండింగ్ ఆర్డర్స్ ప్రభుత్వం ఇచ్చిన నమూనానే అనుసరించాయి, అందులోనూ ఆ మాట ఉంది. కాబట్టి పదకొండేళ్లలో ఒక్క మెమో కూడా లేదన్న సంగతిని జాలి కోసం కాకుండా ఈ ఆరోపణకు జవాబుగా రాశాం. "అజాగ్రత్త" అనే మాట మాత్రం మా జవాబులో ఎక్కడా రాకుండా చూశాం. రాత్రి కాగితంలో ఒకసారి పడింది, రెండోసారి పడితే అదే అలవాటు అంటారేమోనని నా భయం.

ఇక నా పొరపాటు. జవాబు చివర, పరిస్థితి అర్థం కావాలని నేనే ఒక వాక్యం చేర్చాను: "ఆ ఉదయం బండ్ల రద్దీ ఎక్కువగా ఉంది." అతను అలా అన్నాడు, నేను నమ్మి రాశాను. లాగ్ చూడలేదు. విచారణలో లాగ్ బయటికొచ్చింది. ఆ షిఫ్టులో కాటా ఎక్కింది తొమ్మిది బండ్లే. మేనేజ్‌మెంట్ ప్రతినిధి ఆ వాక్యాన్ని పైకి చదివి, "తొమ్మిది బండ్లు రద్దీనా?" అని అడిగినప్పుడు అతని ముఖం నేను మర్చిపోలేదు. చూడని రికార్డు గురించి రాయకూడదని అతనికి రెండు రోజులు చెప్పినవాణ్ని నేనే.

విచారణ జూన్, జులై నెలల్లో ఐదు సిట్టింగులు జరిగింది. గేటు రిజిస్టర్‌లో ఆ లారీ ఎదురుగా "ఖాళీ, చెక్ చేయబడింది" అని ఉంది. డ్యూటీ ఆర్డర్ ప్రకారం బండి మీద మనుషుల్ని దించాల్సింది సెక్యూరిటీవాళ్లు. కాటా గదిలో కెమెరా తెర చూసుకోవాల్సిన బాధ్యత గుమాస్తాది. రెండూ మాకు తెలిసొచ్చింది అప్పుడే. కాటా ముద్ర గడువులోనే ఉంది, కాబట్టి ఆ వైపు వాదన వదిలేశాం.

సీసీటీవీ విషయంలో, పదిహేను రోజులు దాటితే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుందని, అందువల్ల లేదని చెప్పారు. మేం రాతపూర్వకంగా అడిగింది సంఘటన జరిగిన నాలుగో రోజున. అప్పటికి రికార్డింగ్ ఉంది. అడిగినా భద్రపరచలేదంటే ఆ లోటును కార్మికుడి మీద రుద్దడానికి వీల్లేదని ఎంక్వయిరీ ఆఫీసర్ రిపోర్టులో రాశారు. నోటీసుకు జవాబు దశలోనే కాగితాలు అడగడం వల్ల కలిగే పెద్ద లాభం ఇదే. విచారణ మొదలయ్యాక, జూన్‌లో అడిగి ఉంటే మా అడగడానికి విలువే ఉండేది కాదు.

సెక్యూరిటీ ఆఫీసర్‌ను నేను అడిగిన ప్రశ్నలు తక్కువే. "మీరు రాయించుకున్న కాగితంలో టేర్ అనే మాట ఉందా?" లేదన్నాడు. "పార్టీ పేరు ఉందా?" లేదు. "రాసేముందు మే 8 స్లిప్పు చూపించారా?" లేదు. జవాబులో రాసిన ఆ మూడు వాక్యాలే ఈ మూడు ప్రశ్నలయ్యాయి.

గార్డు కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి. అతను అప్పటికే "తప్పు నాదే, క్షమించండి" అని రాసిచ్చాడు. ఏజెన్సీ ఆ కాగితం చూసి విచారణ లేకుండానే పంపేసింది. మేం అతని మీద ఏమీ రాయలేదు కాబట్టి మా సాక్షిగా రావడానికి ఒప్పుకున్నాడు. గేటు దగ్గర తాను చూసినప్పుడు లారీ ఖాళీగానే ఉందని, గేటుకూ కాటాకూ మధ్య చెట్టు కింద కూర్చున్న హమాలీలు తర్వాత ఎక్కడం దూరం నుంచి కనిపించిందని చెప్పాడు. టీ కొట్టు మాట చివరికి చూసిన మనిషి నోట వచ్చింది.

కుమ్మక్కు ఆరోపణ రుజువు కాలేదు. కెమెరా తెర చూసుకోలేదన్నంత వరకు రెండోది కొంత రుజువైందన్నారు. శిక్ష వేసే ముందు విచారణ నివేదిక నకలు ఇవ్వాలి. అది 1993లో, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ యాజమాన్యానికీ కరుణాకర్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి. నివేదిక అందాక ఇచ్చిన రెండో జవాబులో "అలవాటుగా" అనే మాటను, పదకొండేళ్ల సర్వీసును మళ్లీ ఎత్తిచూపాం. మొదటి జవాబులోనే ఉన్నాయి కాబట్టి ఇవి కొత్త వాదనలని ఎవరూ అనలేకపోయారు. ఆగస్టు 25న హెచ్చరికతో పనిలోకి తీసుకుని, కాటా నుంచి స్టోర్స్‌కు మార్చారు.

ఇదే పద్ధతి అన్ని కేసులకూ సరిపోదు. అదే సంగతి మీద పోలీసు కేసు కూడా ఉంటే, లేదా వచ్చేలా ఉంటే, సంజాయిషీ ఇంకా క్లుప్తంగా ఉండాలి. ఆ కాగితం క్రిమినల్ కోర్టుకూ చేరవచ్చు. అప్పుడు జవాబు పెట్టేముందు ఆ కేసు చూసే వకీలు చేత చదివించాలి. ఆరోపణ నిజమైన కేసుల్లో కూడా వేరే లెక్క ఉంటుంది. కాదని అబద్ధమాడటం కంటే ఎంతవరకు జరిగిందో అంతవరకే ఒప్పుకుని, శిక్ష తగ్గించమని అడగడం మేలు. చట్టం కూడా మారింది. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది, సస్పెన్షన్‌లో ఉన్నవారి విచారణ మామూలుగా 90 రోజుల్లో ముగించాలని అందులో ఉంది. కాబట్టి జవాబుకు, కాగితాలు అడగడానికి దొరికే సమయం ఇకముందు ఇంకా తగ్గుతుంది.

సస్పెన్షన్ 104 రోజులు నడిచింది. మొదటి 90 రోజులు సగం జీతం, తర్వాత 75 శాతం వచ్చింది. మిగతా జీతం ఇమ్మని పెట్టుకున్న అర్జీకి కంపెనీ ఒప్పుకోలేదు. ఆ 104 రోజులను డ్యూటీగా లెక్కించాలన్న వివాదాన్ని లేబర్ ఆఫీసులో వేశాం. దానికి జత చేసిన కాగితాల్లో పైన ఉన్నది మే 15 నాటి అర్జీ, దాని రిజిస్టర్డ్ పోస్టు రశీదు.